ఇంట్లోని ఫోన్ తీగలే వేగాన్ని తినేస్తుంటే: ఫిల్టరా, ఫేస్‌ప్లేటా, తీగ మార్చడమా?

బ్రిటన్‌లో చాలా ఇళ్ళకు వీధి చివరి క్యాబినెట్ దాకా ఫైబరూ, అక్కడి నుంచి గుమ్మం దాకా పాత రాగి తీగా వస్తాయి. కంపెనీ చెప్పిన వేగం 60 మెగాబిట్లు అయితే పైగదిలోని రౌటర్‌కు 38 మాత్రమే అందుతుంటుంది. చాలామంది కంపెనీని మార్చాలనుకుంటారు, కొందరు కొత్త రౌటర్ కొంటారు. ఆ తగ్గిన వేగం వీధిలో పోతోందా, ఇంట్లోనే పోతోందా అన్నది ఒక్క స్క్రూడ్రైవర్‌తో పావుగంటలో తేల్చుకోవచ్చు. ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో అది తేలాకే తెలుస్తుంది.

కొనే ముందు చేయాల్సిన పరీక్ష

బయటి నుంచి తీగ వచ్చి చేరే మొదటి సాకెట్‌ను మాస్టర్ సాకెట్ అంటారు. అది సాధారణంగా హాల్లోనో, ముందు గది కిటికీ పక్కనో ఉంటుంది. అడ్డంగా ఒక గీత ఉండి, కింది సగం రెండు స్క్రూలతో ఊడివస్తే అది ఎన్‌టీఈ5ఏ రకం. స్క్రూలు కనబడకుండా, పక్కలు నొక్కితే ముందు పలక ఊడివచ్చేది కొత్త ఎన్‌టీఈ5సీ. రెండింటిలోనూ ముందు పలక వెనుక ఇంకో సాకెట్ దాక్కుని ఉంటుంది. అదే టెస్ట్ సాకెట్. ఇంట్లోని ఎక్స్‌టెన్షన్ తీగలన్నీ ఊడివచ్చే పలకకే బిగించి ఉంటాయి కాబట్టి, పలక తీయగానే అవన్నీ లైన్ నుంచి తెగిపోతాయి. టెస్ట్ సాకెట్‌లో మిగిలేది బయటి లైన్ ఒక్కటే.

పలక తీసే ముందు రౌటర్ సెట్టింగ్స్ పేజీలో మూడు అంకెలు రాసుకోండి. `Downstream Sync` అన్నది క్యాబినెట్‌కూ రౌటర్‌కూ మధ్య కుదిరిన వేగం. `SNR Margin` అన్నది రొదను తట్టుకోవడానికి మిగిలిన వెసులుబాటు. `CRC Errors` అన్నది పాడై వచ్చిన డేటా లెక్క. రౌటర్‌ను బట్టి పేర్లలో చిన్న తేడాలు ఉండొచ్చు. వైఫైలో చేసే స్పీడ్ టెస్ట్ ఇక్కడ పనికిరాదు. గోడలు, పక్కింటి వైఫై కలిసి ఆ అంకెను ఎటైనా లాగేస్తాయి. మనం చూడాల్సింది సింక్ వేగం.

ఇప్పుడు రౌటర్‌ను కిందికి తెచ్చి, ఫోన్ మాటనూ ఇంటర్నెట్‌నూ వేరు చేసే కొత్త మైక్రోఫిల్టర్ ఒకటి టెస్ట్ సాకెట్‌లో పెట్టి, దాని ద్వారా చిన్న తీగతో కలపండి. పది నిమిషాలు ఆగి అవే అంకెలు మళ్ళీ చూడండి. రాత్రి ఒక కొలత, పగలు ఒక కొలత తీసుకుని పోల్చవద్దు. చీకటి పడ్డాక రేడియో రొద పెరుగుతుంది కాబట్టి రెండూ ఒకే పూట తీయాలి. ఇంకో జాగ్రత్త: లైన్‌ను దూరం నుంచి గమనించే ఒక ఆటోమేటిక్ వ్యవస్థ ఉంటుంది. పదేపదే కనెక్షన్ తెగితే లైన్ బాగోలేదనుకుని అదే వేగం తగ్గించేస్తుంది. అందుకని ఒక రోజులో రెండు మూడుసార్లకు మించి తీసి పెట్టకండి.

టెస్ట్ సాకెట్‌లోనూ అంతే వేగం వస్తే లోపం ఇంట్లో లేదు. అప్పుడు కింద చెప్పబోయేవేవీ కొనకండి. పాత పద్ధతి ఫోన్ లైన్ ఇంకా ఉంటే 17070 డయల్ చేసి, క్వయెట్ లైన్ టెస్ట్‌కు 2 నొక్కి వినండి. చిటపటలు వినిపిస్తే బయట ఎక్కడో జాయింట్ తుప్పు పట్టి ఉంటుంది, ఫోన్ లోపంగానే ఫిర్యాదు చేయండి. ఈ పరీక్ష చేయకుండా ఇంజనీర్‌ను పిలిపిస్తే, లోపం మీ ఇంటి తీగల్లోదని తేలినప్పుడు ఆ రాకకు మీకే బిల్లు పడే అవకాశం ఉంది.

టెస్ట్ సాకెట్‌లో వేగం బాగా పెరిగిందా? అయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. తేడా ఒకటి రెండు మెగాబిట్లయితే పట్టించుకోనక్కర్లేదు. పది శాతం దాటితే పని చేయడం దండగ కాదు.

ఎక్స్‌టెన్షన్ తీగ ఎందుకు చెరుపు చేస్తుంది

తీగ పొడవైతే వేగం తగ్గుతుందని అందరూ అనుకుంటారు. కానీ క్యాబినెట్ నుంచి మీ ఇంటికి ఇప్పటికే నాలుగైదు వందల మీటర్ల రాగి ఉంటుంది. దానికి రెండు పోగులు ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకున్న మంచి మెలి తీగ ఇంకో 20 మీటర్లు కలిస్తే వచ్చే నష్టం చాలా కొద్ది. అసలు చెరుపు మూడు చోట్ల జరుగుతుంది.

మొదటిది బెల్ వైర్. బ్రిటన్ సాకెట్లలో లైన్ 2, 5 నంబర్ల దగ్గర ఉంటుంది. మూడో నంబరు తీగ పాత గంట ఫోన్లను మోగించడానికి పెట్టినది. మాస్టర్ సాకెట్‌లోని ఒక కెపాసిటర్ గుండా అది లైన్‌లోని ఒక్క తీగకే అంటుకుని ఉంటుంది. రెండు తీగలూ సమానంగా మెలిపడి ఉన్నప్పుడు బయటి రొద రెండింటి మీదా ఒకేలా పడి రద్దయిపోతుంది. ఒక పక్కకే ఈ మూడో తీగ వేలాడితే ఆ సమానత్వం చెడుతుంది. ఇల్లంతా పరుచుకున్న బెల్ వైర్ అప్పుడు యాంటెన్నాలా మీడియం వేవ్ రేడియోను పట్టుకుంటుంది. మీడియం వేవ్ సుమారు 0.5 నుంచి 1.6 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది, రాగి తీగ మీద ఇంటర్నెట్ పంపే డీఎస్‌ఎల్ పద్ధతి కూడా ఆ చోటునే వాడుకుంటుంది. సాయంత్రం కాగానే కనెక్షన్ తెగే ఇళ్ళలో ముందు అనుమానించాల్సింది దీన్నే.

రెండోది ఖాళీగా వేలాడే శాఖలు. వంటగదిలో ఎవరూ వాడని సాకెట్ ఉంటుంది. దానికి ఏమీ కలపలేదు కాబట్టి నష్టం లేదనుకుంటాం. కానీ సిగ్నల్ ఆ శాఖలోకి వెళ్ళి, చివర దారి లేక తిరిగివచ్చి, అసలు సిగ్నల్‌కు ఎదురు నిలుస్తుంది. శాఖ పొడవు అల పొడవులో నాలుగో వంతు అయిన చోట రెండూ దాదాపు రద్దయిపోతాయి. ఆ ఫ్రీక్వెన్సీని ఇలా లెక్కగట్టవచ్చు:

```
f (MHz) = 195 / (4 × L)      L = శాఖ పొడవు, మీటర్లలో
```

ఫోన్ తీగలో సిగ్నల్ సెకనుకు సుమారు 19.5 కోట్ల మీటర్లు పోతుందన్న అంచనాతో వేసిన లెక్క ఇది. 8 మీటర్ల శాఖ అయితే సుమారు 6 మెగాహెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. దానికి మూడు రెట్ల దగ్గర, అంటే 18 దరిదాపుల్లో, ఇంకొకటి. డీఎస్‌ఎల్‌లో పాత రకమైన ఏడీఎస్‌ఎల్2ప్లస్ 2.2 మెగాహెర్ట్జ్ దాకానే వాడుతుంది. అందుకే 22 మీటర్ల కన్నా చిన్న శాఖలో ఆ గుంట దాని పరిధి బయటే పడేది. ఫైబర్ క్యాబినెట్ నుంచి వచ్చే ఇప్పటి రకం వీడీఎస్‌ఎల్2 ఏకంగా 17.6 దాకా వాడుతుంది. అదే ఇల్లు, అవే తీగలు పదేళ్ళ కిందట ఇబ్బంది పెట్టకుండా, ఫైబర్ క్యాబినెట్‌కు మారాక ఇబ్బంది పెట్టడానికి ఇదే కారణం.

మూడోది తీగ రకం. దుకాణంలో కిట్‌గా అమ్మే 15 మీటర్ల తెల్లటి చదును ఎక్స్‌టెన్షన్ తీగలో నాలుగు పోగులూ పక్కపక్కనే ఉంటాయి, మెలి ఉండదు. కరెంటు తీగల పక్కన గోడ వెంబడి పోతే అది రొదను పీల్చేస్తుంది. 20 మీటర్ల మెలి తీగ కన్నా 5 మీటర్ల చదును తీగే ఎక్కువ పాడుచేయగలదు.

ప్రతి సాకెట్‌కూ మైక్రోఫిల్టర్

ఇది చవక, అద్దె ఇంట్లో యజమాని అనుమతి అక్కర్లేదు. ఫిల్టర్ చేసే పని ఫోన్‌కు మాట మాత్రమే పంపి, డీఎస్‌ఎల్ ఫ్రీక్వెన్సీలను ఫోన్ నుంచి దూరంగా ఉంచడం. ఫోన్ మోగగానే ఇంటర్నెట్ తెగుతున్నా, ఫోన్‌లో బుసబుసమని శబ్దం వస్తున్నా ఒక పరికరానికి ఫిల్టర్ లేదనో, ఉన్నది పాడైందనో అర్థం. అక్కడ ఈ మందు పనిచేస్తుంది.

అయితే ఒక్క పరికరాన్ని వదిలేసినా పని చెడుతుంది. జనం మరిచిపోయేవి ఫోన్లు కావు, ఫోన్ సాకెట్‌కు కలిపిన పాత శాటిలైట్ టీవీ బాక్సు, దొంగల అలారం పెట్టె, ఫ్యాక్స్. ఇంకో పొరపాటు ఒక ఫిల్టర్ ఫోన్ రంధ్రంలో ఇంకో ఫిల్టర్ పెట్టి రౌటర్‌ను దానికి కలపడం. మొదటి ఫిల్టరే డీఎస్‌ఎల్‌ను ఆపేస్తుంది కాబట్టి రెండోదాని దగ్గరికి ఏదీ రాదు. పాత డబ్బాలో దొరికిన ఏడీఎస్‌ఎల్ ఫిల్టర్‌ను వీడీఎస్‌ఎల్ లైన్ మీద నమ్మవద్దు, వీడీఎస్‌ఎల్‌కు పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి.

దీని అసలు పరిమితి ఏమిటంటే, మైక్రోఫిల్టర్ ఫోన్‌ను వేరు చేస్తుందే తప్ప తీగను వేరు చేయదు. బెల్ వైరు, ఖాళీ శాఖలు, చదును తీగ అన్నీ లైన్ మీదే ఉంటాయి. టెస్ట్ సాకెట్ పరీక్షలో పెద్ద తేడా కనబడిన ఇంట్లో ఎన్ని ఫిల్టర్లు కొన్నా ఆ తేడా తిరిగిరాదు.

బెల్ వైర్ తీసేయడం

ఖర్చు లేని పని. మాస్టర్ సాకెట్ ఊడివచ్చే పలక వెనుక 3వ నంబరులో ఉన్న పోగును, మామూలుగా నారింజ రంగు మీద తెల్ల పట్టీలు ఉన్నదాన్ని, లాగి, కొసకు టేపు చుట్టి మడిచి పెట్టండి. ఎక్స్‌టెన్షన్ సాకెట్లలోనూ 3ను ఖాళీ చేస్తే ఇంకా మంచిది. నీలం మీద తెల్ల పట్టీలది 2కు, తెల్ల మీద నీలం పట్టీలది 5కు ఉంటాయి. వాటిని కదపకండి. పాత ఇళ్ళలో రంగులు వేరుగా ఉంటాయి కనుక రంగును కాక నంబరును నమ్మండి. తీసే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

మైక్రోఫిల్టర్‌లో తన సొంత గంట కెపాసిటర్ ఉంటుంది, అందువల్ల దాని ద్వారా కలిపిన ఫోన్లు బెల్ వైర్ లేకున్నా మోగుతాయి. ఏడీఎస్‌ఎల్ మీద ఉన్నవారికి ఈ పనితో కనిపించే లాభం ఎక్కువ. వీడీఎస్‌ఎల్ మీద లాభం ఉంటుంది గానీ, శాఖలు మిగిలే ఉంటాయి కాబట్టి సగం పనే అవుతుంది.

ఫోన్ లైన్ మీద మామూలుగా 50 వోల్టుల డీసీ ఉంటుంది. గంట మోగేటప్పుడు అది 75 వోల్టుల దాకా ఏసీ అవుతుంది, తడి చేతికి గట్టిగానే తగులుతుంది. పలక ఊడదీశాకే తీగలు ముట్టుకోండి, అప్పుడు ఎక్స్‌టెన్షన్ వైపు లైన్ ఉండదు. వెనుక గోడకు బిగించిన భాగం, అందులోకి వచ్చే బయటి తీగ వీధి లైన్లను చూసుకునే ఓపెన్‌రీచ్ కంపెనీవి. వాటి స్క్రూలు విప్పవద్దు.

మాస్టర్ దగ్గరే ఫేస్‌ప్లేట్ ఫిల్టర్

ఇరవై పౌండ్ల లోపే దొరికే ఈ పలకను మాస్టర్ సాకెట్‌కే బిగిస్తారు. పైన రౌటర్‌కు ఒక రంధ్రం, ఫోన్‌కు ఒక రంధ్రం ఉంటాయి. ఇంట్లోని ఎక్స్‌టెన్షన్లన్నీ ఫిల్టర్ దాటాక మొదలవుతాయి కాబట్టి డీఎస్‌ఎల్‌కు అవి లేనట్టే. శాఖలు, బెల్ వైరు, పాత ఫోన్లు అన్నీ ఒక్క దెబ్బకు పక్కకు తప్పుకుంటాయి. వేరే గదుల్లో మైక్రోఫిల్టర్లు ఇక అక్కర్లేదు, ఉన్నవి తీసేయండి. ఎన్‌టీఈ5ఏ కి ఎంకే3, ఎన్‌టీఈ5సీ కి ఎంకే4 అని చూసి తీసుకోవాలి, ఒకదాని మీద ఇంకొకటి కూర్చోదు.

ఇది బిగించాక పైగదిలో రౌటర్ పనిచేయడం మానేస్తే పలక పాడైందని వాపసు పంపకండి. పైగది సాకెట్‌కు ఇప్పుడు మాట మాత్రమే వస్తుంది, డీఎస్‌ఎల్ రాదు. రౌటర్ మాస్టర్ పక్కకు రావాల్సిందే. ఈ ఒక్క విషయం తెలియక మంచి పలకను తీసేసి పాత పద్ధతికే పోయేవారు ఉన్నారు.

రౌటర్ పైగదిలోనే ఉండాలంటే

రెండు దారులు. మొదటిది రౌటర్‌ను కిందే ఉంచి, పైగదికి మెలి జతలుండే నెట్‌వర్క్ తీగను, అంటే క్యాట్5ఈ ని, ఈథర్‌నెట్‌గా లాగడం. ఈథర్‌నెట్ వంద మీటర్ల దాకా ఏమీ కోల్పోకుండా పోతుంది, రాగి లైన్‌లోని రొదతో దానికి సంబంధం లేదు. మా సలహా ఎప్పుడూ ఇదే.

రెండోది ఫేస్‌ప్లేట్ వెనుక డేటా ఎక్స్‌టెన్షన్ అని గుర్తించిన ఏ, బీ టెర్మినళ్ళ నుంచి పైగదికి కొత్త తీగ లాగడం. ఇది ఫిల్టర్‌కు ముందు నుంచే లైన్ తీసుకుంటుంది. క్యాట్5ఈ లో ఒకే జతలోని రెండు పోగులనే వాడాలి, అంటే నీలం, నీలం-తెలుపు. నీలం ఒకటి, నారింజ ఒకటి తీసుకుంటే మెలి ఉండీ లేనట్టే. చివర ఒక్క సాకెట్టే ఉండాలి, మధ్యలో కొమ్మలు వేయవద్దు. మాస్టర్ మీద ఉన్న రౌటర్ రంధ్రం ఖాళీగా వదలాలి. తీగ లాగడం రెండింటికీ ఒకే శ్రమ కదా, అలాంటప్పుడు ఈథర్‌నెట్టే మేలు. హాల్లో రౌటర్‌కు కరెంటు పాయింట్ లేనప్పుడు మాత్రం డేటా ఎక్స్‌టెన్షన్ సరైన ఎంపిక.

తీగ లాగలేక కరెంటు ప్లగ్గుల ద్వారా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కొంటుంటారు. అవి సుమారు 2 మెగాహెర్ట్జ్ నుంచి పైకి వాడతాయి. వీడీఎస్‌ఎల్ కూడా అక్కడే ఉంటుంది. ఫోన్ తీగ, కరెంటు తీగ పక్కపక్కనే పోయే ఇంట్లో అవి పెట్టగానే `CRC Errors` ఎగబాకితే కారణం వెతకనక్కర్లేదు.

ఒక ఇంటి లెక్క

మూడు పడకగదుల పాత ఇల్లు అనుకుందాం. మాస్టర్ హాల్లో ఉంది. అక్కడి నుంచి ముందు గదికి ఒక శాఖ, వంటగదికి 8 మీటర్ల ఖాళీ శాఖ, పైగదికి 20 మీటర్ల చదును తీగ. రౌటర్ పైన ఉంది, సింక్ 38. టెస్ట్ సాకెట్‌లో 57. అంటే 19 మెగాబిట్లు, ఉన్నదాంట్లో మూడో వంతు, గోడల్లో పోతోంది. ఇవి ఊహించిన అంకెలే, కానీ లెక్క చేసే తీరు ఇదే.

ముందు ఉచితమైన పని: బెల్ వైర్ తీయండి. సింక్ 42 అయిందనుకోండి. ఇంకా 15 బాకీ. తర్వాత పలక వెనుక వంటగది జతను, 2, 5 రెండూ, తీసేయండి. 47 వస్తే ఖాళీ శాఖ వాటా 5 అని తెలిసింది. మిగిలిన 10 చదును తీగది, ముందు గది శాఖది. ఇక ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా సరిచేయడం శ్రమ. ఫేస్‌ప్లేట్ ఫిల్టర్ పెట్టి, రౌటర్ కిందికి తెచ్చి, పైకి ఈథర్‌నెట్ లాగితే 56, 57 దగ్గర నిలుస్తుంది. అద్దె ఇల్లయి గోడకు మేకు కొట్టకూడదంటే, రౌటర్‌ను హాల్లోకి మార్చి, పైగదికి వైఫై మెష్ పెట్టడమే సరి. సింక్‌లో 57 తెచ్చుకుని వైఫైలో కొంత పోగొట్టుకున్నా, 38 సింక్‌తో మొదలుపెట్టడం కన్నా నయం.

ఫోన్ రౌటర్‌లోకి మారిన ఇళ్ళు

పాత ఫోన్ వ్యవస్థను 2027 జనవరి చివరికల్లా మూసేయాలని బ్రిటన్‌లో గడువు పెట్టారు. ఫోన్ రౌటర్ వెనుక రంధ్రంలోకి మారిపోయాక లైన్ మీద మాట ఉండదు, ఫిల్టర్ అవసరమూ ఉండదు. తీగల బెడద మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే శాఖలు ఫోన్ ఉన్నా లేకున్నా శాఖలే. ఈ ఇళ్ళలో ఏమీ కొనక్కర్లేదు. పలక వెనుక ఎక్స్‌టెన్షన్ తీగలన్నీ తీసేసి, రౌటర్‌ను మాస్టర్‌కు నేరుగా కలపండి. పాత సాకెట్లలో ఫోన్లు మోగాలనుకుంటే రౌటర్ ఫోన్ రంధ్రం నుంచి ఆ తీగలకు లైన్ ఇవ్వొచ్చు. అయితే ముందు అవి బయటి లైన్ నుంచి పూర్తిగా తెగి ఉండాలి. రెండూ కలిస్తే రౌటర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో ఇంకా రాగి లైన్ మీదే బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఉంటే అక్కడ బెల్ వైర్ గొడవ లేదు, లైన్ రెండు తీగలదే. కానీ రోజెట్ పెట్టె నుంచే ప్యారలల్ ఫోన్‌కు తీగ చీల్చి, స్ప్లిట్టర్‌ను చివర మోడెమ్ దగ్గర పెట్టడం తరచూ కనిపిస్తుంది. స్ప్లిట్టర్ రోజెట్‌కు ఆనుకుని మొదట ఉండాలి. `LINE` లోకి బయటి తీగ, `MODEM` నుంచి మోడెమ్‌కు, `PHONE` నుంచి ఇంట్లోని ఫోన్లన్నింటికీ. ఫేస్‌ప్లేట్ ఫిల్టర్ చేసే పనే ఇది.

మార్పు చేశాక సింక్ వెంటనే పూర్తిగా పెరగకపోతే నిరాశపడకండి. లైన్‌ను గమనించే వ్యవస్థ పాత లోపాలను చూసి పెట్టిన కట్టడిని ఎత్తేయడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు తీసుకుంటుంది. ఆలోగా రౌటర్ ఆపకండి. `CRC Errors` రోజువారీ లెక్క తగ్గిందంటే పని సరిగ్గా జరిగినట్టే. మూడు వారాలైనా కట్టడి ఎత్తకపోతే, రాసిపెట్టుకున్న టెస్ట్ సాకెట్ అంకెలు చూపించి, లైన్ రీసెట్ చేయమని కంపెనీని అడగండి.